ఈసీజీలో కరెంటు హమ్ మీద మూడు ఆప్ యాంపుల పని

ఈసీజీ తీసేటప్పుడు రెండు చేతులకూ క్లిప్పులు పెడతారు. గుండె కొట్టుకున్నప్పుడు వాటి మధ్య కనిపించే వోల్టేజీ తేడా సుమారు 1 మిల్లీవోల్టు. గదిలోని కరెంటు వైర్ల వల్ల శరీరమంతటా పాకే 50 హెర్ట్జ్ వోల్టేజీ దీనికి వంద రెట్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. అయితే ఆ హమ్ రెండు చేతుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. దాన్నే కామన్ మోడ్ అంటారు. మనకు కావలసింది తేడా మాత్రమే కాబట్టి, ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే సరిపోవాలి.

తీసివేతకు ఒక ఆప్ యాంప్, అంటే రెండు ఇన్‌పుట్ల మధ్య తేడాను ఎన్నో రెట్లు పెంచే సర్క్యూట్, దానితో నాలుగు రెసిస్టర్లు చాలు. కానీ ఆ నాలుగూ నిష్పత్తిలో సరిగ్గా కుదరాలి. నాలుగూ సమానమని కొన్న 1 శాతం రెసిస్టర్లు అన్నీ ప్రతికూలంగా తప్పితే, కామన్ మోడ్‌లో 2 శాతం దాకా అవుట్‌పుట్‌లోకి జారుతుంది. హమ్ 100 మిల్లీవోల్టులైతే 2 మిల్లీవోల్టులు. పక్కన గుండె సిగ్నల్ 1 మిల్లీవోల్టు! పైగా ఈ రెసిస్టర్లు చర్మం నుంచి కరెంటు లాగుతాయి, అది ఇంకో తలనొప్పి.

అందుకే దాని ముందు మరో రెండు ఆప్ యాంపులు పెడతారు. ఒక్కో చేతి వైరు నేరుగా ఒక ఆప్ యాంప్ ప్లస్ ఇన్‌పుట్‌లోకి వెళ్తుంది, అక్కడ కరెంటు దాదాపు పారదు. ఒక్కోదాని అవుట్‌పుట్ నుంచి దాని మైనస్ ఇన్‌పుట్‌కు ఒక ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ R ఉంటుంది. రెండు మైనస్ ఇన్‌పుట్లనూ కలుపుతూ మధ్యలో ఒకే ఒక్క రెసిస్టర్, Rg. అసలు తెలివంతా ఇక్కడే ఉంది.

ఫీడ్‌బ్యాక్ ఉన్నంత వరకూ ఆప్ యాంప్ తన మైనస్ ఇన్‌పుట్‌ను ప్లస్ ఇన్‌పుట్ దగ్గరే నిలబెడుతుంది. అంటే Rg రెండు కొసల మధ్య సరిగ్గా రెండు చేతుల తేడానే ఉంటుంది. ఈ మూడు ఆప్ యాంపుల అమరిక అంతా ఒకేచోట ఉండే ఏడీ620 అనే చిప్‌లో R విలువ 24.7 కిలో ఓమ్‌లు. బయట Rgగా 5.49 కిలో ఓమ్‌లు పెడదాం. ఒక క్షణంలో ఒక చేతి దగ్గర 100.5, రెండో చేతి దగ్గర 99.5 మిల్లీవోల్టులు ఉన్నాయనుకోండి. Rg మీద 1 మిల్లీవోల్టు పడి 0.18 మైక్రోఆంపియర్ పారుతుంది. ఆప్ యాంప్ ఇన్‌పుట్‌లోకి వెళ్లే దారి లేదు కనుక అదే కరెంటు రెండు Rల గుండానూ పోవాలి, ఒక్కోదాని మీద 4.5 మిల్లీవోల్టులు పడతాయి. అవుట్‌పుట్లు 105, 95. తేడా 10 మిల్లీవోల్టులైంది, సగటు మాత్రం 100 దగ్గరే ఉంది.

హమ్ ఒక్కటే వచ్చినప్పుడు Rg రెండు కొసలూ కలిసి పైకి కిందికి కదులుతాయి. మధ్యలో తేడా లేదు, కరెంటు లేదు, కాబట్టి హమ్ ఉన్నంతే ముందుకు పోతుంది. రెండు Rలు కొంచెం అసమానంగా ఉన్నా ఈ మాట చెల్లుతుంది: పారని కరెంటుకు ఏ రెసిస్టరైతే ఏం? తేడా ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే గెయిన్‌కు సూత్రం

G = 1 + 2R/Rg

కనుక Rg ఒక్కటి మారిస్తే గెయిన్ మారుతుంది, జతలు కుదర్చాల్సిన పని లేదు. మూడో ఆప్ యాంప్ తీసివేత చేసేటప్పుడు, పాత 1 శాతం రెసిస్టర్లే ఉన్నా 2 మిల్లీవోల్టుల హమ్‌కు ఎదురుగా 10 మిల్లీవోల్టుల సిగ్నల్ నిలుస్తుంది. ఏడీ620లో ఆ రెసిస్టర్లను లేజర్‌తో సరిచేసే ఉంచుతారు, అక్కడ ఈ నిష్పత్తి ఇంకా ఎన్నో రెట్లు మెరుగు.

మరి గెయిన్ 1000 పెట్టేస్తే? ఎలక్ట్రోడ్ చర్మానికి తగిలిన చోట బ్యాటరీలా డీసీ వోల్టేజీ పుడుతుంది. రెండింటి మధ్య తేడా 300 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చని లెక్క వేసుకోవాలి. దాన్ని చిప్ హమ్‌గా చూడదు, అది నిజంగా తేడాయే కదా. పది రెట్లు చేస్తే 3 వోల్టులు, ±5 వోల్టుల సప్లైలో ఇముడుతుంది. వెయ్యి రెట్లంటే 300 వోల్టులు! అవుట్‌పుట్ సప్లై అంచుకు అతుక్కుపోయి గీత బల్లపరుపుగా నిలుస్తుంది. అందుకే ఇక్కడ గెయిన్ పది చుట్టుపక్కలే ఉంచి, డీసీని ఆపాక మిగతాది పెంచుతారు.

చిప్ ఎంత మంచిదైనా హమ్ ఇంకో దారిలో వస్తుంది. ఒక ఎలక్ట్రోడ్ కింద జెల్ ఎండిపోయి, దాని అడ్డంకి రెండో దానికంటే 10 కిలో ఓమ్‌లు ఎక్కువైందనుకోండి. 100 పీకోఫారడ్ల కేబుల్ 50 హెర్ట్జ్ దగ్గర 32 మెగాఓమ్‌ల దారిలా పనిచేస్తుంది. ఈ రెంటి వల్ల 100 మిల్లీవోల్టుల హమ్‌లో 30 మైక్రోవోల్టులు నిజమైన తేడాగా మారిపోతాయి. ఈసీజీ కాగితం మీద మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు కాబట్టి అది 0.3 మిల్లీమీటర్ వణుకు, గీత మందంగా, నూగుగా కనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో చూడాలంటే రెండు లీడ్లనూ కలిపి ఒకే ఎలక్ట్రోడ్‌కు తగిలించండి. హమ్ అలాగే ఉంటుంది, తేడా మాత్రం ఉండదు. అప్పుడు గీత శుభ్రంగా వస్తే చిప్‌ను అనుమానించకుండా జెల్ మార్చాలి.