త్యాగ నిష్పత్తి: 1982 లెక్క మళ్లీ ఎందుకు తెరిచారు

2022 జూన్‌లో అమెరికాలో వినియోగ ధరల ద్రవ్యోల్బణం 9.1 శాతం. దాన్ని దించాలంటే ఐదేళ్లపాటు నిరుద్యోగం 5 శాతం పైన ఉండాలని, లేదా ఒక ఏడాది 10 శాతానికి చేరాలని అప్పట్లో ఆర్థికవేత్త లారెన్స్ సమ్మర్స్ అన్నారు. ఏడాది తిరిగేసరికి ద్రవ్యోల్బణం 3 శాతానికి దిగింది. నిరుద్యోగం మాత్రం 3.6 దగ్గర మొదలై 3.6 దగ్గరే ఉంది. త్యాగ నిష్పత్తి అనే కొలతకే అర్థం ఉందా అన్న వాదన అందుకే లేచింది.

ఈ వాదన మూలం 1982లో ఉంది. ద్రవ్యోల్బణం ఒక శాతం పాయింటు తగ్గడానికి ఒక ఏడాది జీడీపీలో ఎంత శాతం పోగొట్టుకున్నామన్నదే త్యాగ నిష్పత్తి. 1978లో ఆర్థికవేత్త ఆర్థర్ ఓకన్ ఈ నిష్పత్తిపై అప్పటి అంచనాలను పోల్చి చూస్తే అవి 6 నుంచి 18 వరకు ఉన్నాయి, సగటు 10. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు అధిపతి పాల్ వోల్కర్ వడ్డీ రేట్లను ఎంత పెరిగితే అంత పెరగనిచ్చాక జరిగింది వేరు.

1981లో 10.3 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 1985కి 3.6కు వచ్చింది. తగ్గుదల 6.7 పాయింట్లు. 1982 నుంచి 1985 వరకు నిరుద్యోగం వరుసగా 9.7, 9.6, 7.5, 7.2. ధరలపై ఒత్తిడి పెంచని 'సహజ' నిరుద్యోగం 6 శాతం అనుకుంటే, దానికి పైన ఉన్నవి 3.7, 3.6, 1.5, 1.2. మొత్తం 10. ఒక పాయింటు అదనపు నిరుద్యోగానికి ఉత్పత్తిలో సుమారు 2 శాతం నష్టమనే లెక్కన ఇది 20. దాన్ని 6.7తో భాగిస్తే 3.

పదికి బదులు మూడే వచ్చింది కాబట్టి, కేంద్ర బ్యాంకు మాటను జనం నమ్మితే త్యాగం తగ్గుతుందని ఒక వర్గం వాదించింది. అందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ ఆ 6 ఎక్కడిదని అడగాలి. దాన్ని 7గా మార్చితే అదనపు నిరుద్యోగం మొత్తం 6కు, నష్టం 12కు పడిపోతుంది. నిష్పత్తి 1.8 అవుతుంది. ఒక్క ఉద్యోగం కూడా తిరిగి రాకుండానే త్యాగం నలభై శాతం తగ్గిపోతుంది. 1982 డిసెంబరులో పని కోసం వెతుకుతున్నవారు సుమారు కోటీ ఇరవై లక్షల మంది. దీర్ఘకాలం పని లేక నైపుణ్యం కోల్పోయినవారిని 'సహజం' ఖాతాలో వేస్తే, విధానం చేసిన నష్టం ఆ విధానపు లెక్కలోంచే తప్పుకుంటుంది.

ప్రారంభ సంవత్సరం కూడా ఇంతే. 1980 నాటి 13.5 శాతం ద్రవ్యోల్బణం నుంచి మొదలుపెట్టి, 1981లోని 1.6 అదనపు నిరుద్యోగాన్ని కలిపితే నష్టం 23.2, తగ్గుదల 9.9, నిష్పత్తి 2.3. ఆ 13.5లో చమురు ధరల దెబ్బ ఉంది. అది దానంతటది సడలిన భాగం కూడా వడ్డీ రేట్ల ఖాతాలో పడింది.

2022-23లోనూ ఇంధన ధరలు దిగాయి, సరఫరా చిక్కులు విడిపోయాయి. ఆ భాగాన్ని విడదీయకుండా నిరుద్యోగం పెరగలేదు కాబట్టి నష్టం సున్నా అనుకుని, దాన్ని 6.1 పాయింట్ల తగ్గుదలతో భాగించి 'త్యాగం లేదు' అంటున్నవారు, వడ్డీ రేట్ల వల్ల ద్రవ్యోల్బణం నిజంగా దిగింది ఎన్ని పాయింట్లో ముందు చెప్పాలి.