టార్క్ లెక్కలో మార్కులు పోయేది ఎక్కడ? అపోహలు – వాస్తవాలు

రొటేషన్ చాప్టర్ మొదలయ్యిందంటే చాలు, నెల్లూరులో మా స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఏటా ఒకటే గోల. "సార్, స్టెప్పులన్నీ కరెక్టే, ఆన్సర్ మాత్రం రావట్లేదు." నోట్సు తీసుకుని చూస్తే డిటర్మినెంట్ శుభ్రంగా ఉంటుంది, గుణకారాలూ సరిగ్గానే ఉంటాయి. తప్పంతా దానికి పై లైన్లో, r రాసిన చోటే ఉంటుంది.

అపోహ: r అంటే కణం పొజిషన్ వెక్టర్. ప్రశ్నలో ఇచ్చింది ఇచ్చినట్టు దించేస్తే సరి.

కాదు. ఏ బిందువు గురించి అడిగారో ఆ బిందువు నుంచి కణం దాకా గీసిన వెక్టరే r. ఆరిజిన్ గురించి అడిగినప్పుడు మాత్రమే ఈ రెండూ ఒకటవుతాయి. క్లాసులో మొదటి పది లెక్కలూ ఆరిజిన్ గురించే చేయించడం వల్ల పిల్లలకు అదే అలవాటైపోతుంది. అందులో మా వాటా కూడా ఉంది.

ఒక లెక్క చూద్దాం. 2 kg కణం r = 3i − j + 2k మీటర్ల దగ్గర ఉంది. వేగం v = i + 2j − k m/s. అంటే p = 2i + 4j − 2k. ఆరిజిన్ గురించి యాంగ్యులర్ మొమెంటమ్:

```
i: (−1)(−2) − (2)(4)  = −6
j: (2)(2) − (3)(−2)   = 10
k: (3)(4) − (−1)(2)   = 14
L = −6i + 10j + 14k
```

ఇదే కణానికి (1, −1, 0) అనే బిందువు గురించి అడిగారనుకోండి. ముందు తీసివేత: r′ = (3−1)i + (−1+1)j + (2−0)k = 2i + 2k. ఇప్పుడు r′ × p చేస్తే −8i + 8j + 8k వస్తుంది. కణం అదే, వేగం అదే, జవాబు మాత్రం వేరు. యాంగ్యులర్ మొమెంటమ్ కణం ఒక్కదాని సొత్తు కాదు, ఏ బిందువు నుంచి చూస్తున్నామన్నది కూడా అందులో భాగమే. టార్క్‌కూ ఇంతే, p స్థానంలో F వస్తుంది. నేను పేపర్ సెట్ చేస్తే −6i + 10j + 14k ని ఒక ఆప్షన్‌గా తప్పకుండా పెడతాను. తీసివేత మర్చిపోయినవాడు దాన్నే సంతోషంగా టిక్ చేసి వెళ్తాడు.

అపోహ: j దగ్గర మైనస్ గుర్తుండకపోతే ఆ ప్రశ్న వదిలేయడమే మేలు.

ఈ సలహా ఏ సీనియర్ ఇచ్చాడో గానీ హాస్టల్ హాస్టలంతా పాకింది. కందుకూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇది నమ్మి మాక్ టెస్టులో వెక్టర్ ప్రశ్నలన్నీ ఖాళీగా వదిలేసింది. వాళ్ల నాన్న బయట నిలబడి, "మా పాపకు లెక్కలు రావేమోనండీ" అన్నారు. లెక్కలు బ్రహ్మాండంగా వచ్చు. టెన్షన్‌లో గుర్తు తారుమారవుతుందని భయం, అంతే. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెప్తున్నా.

క్రాస్ ప్రాడక్ట్ తన ఇద్దరు వెక్టర్లకూ లంబంగా ఉంటుంది. కాబట్టి జవాబును r తోనూ, p తోనూ డాట్ చేస్తే సున్నా రావాలి. మొదటి లెక్కలో r తో చేస్తే −18 − 10 + 28 = 0. j గుర్తు తప్పి −10 రాసి ఉంటే 20 వచ్చేది, అక్కడికక్కడే దొరికిపోయేది.

అయితే ఒక్కదానితో చేసి ఆగొద్దు. రెండో లెక్కలో r′ కు j భాగమే లేదు. గుర్తు తప్పినా r′ తో డాట్ సున్నాయే చూపిస్తుంది. అదే p తో చేస్తే −16 − 32 − 16 = −64, తప్పు బయటపడుతుంది. తీసివేత మర్చిపోయిన కేసులో కథ తిరగబడుతుంది: p తో సున్నాయే వస్తుంది, r′ తో చేస్తే −12 + 28 = 16 వచ్చి పట్టిస్తుంది. అందుకే రెండూ చెయ్యాలి.

అపోహ: సరళరేఖలో పోయే కణానికి యాంగ్యులర్ మొమెంటమ్ ఉండదు.

ఉంటుంది. కావలి దగ్గర హైవేకు 30 మీటర్ల దూరంలో మీరు నిలబడి ఉంటే, 20 m/s తో పోయే 10,000 kg లారీకి మీ గురించి mvd = 6,000,000 kg m²/s ఉంటుంది. లారీని కణంగా తీసుకున్నాం. అది పోయే గీత మీదే ఉన్న బిందువు గురించైతే సున్నా.

అపోహ: r × F అయినా F × r అయినా ఒకటే.

మొత్తం గుర్తు తిరగబడుతుంది. దీన్ని పైన చెప్పిన డాట్ పరీక్ష పట్టుకోలేదు, ఎందుకంటే −L కూడా ఆ రెండింటికీ లంబమే. డిటర్మినెంట్ గీసేటప్పుడే i, j, k కింద రెండో వరుసలో r, మూడో వరుసలో F లేదా p రాసుకోండి.