సీటీలో అనుకోకుండా కనిపించిన నాడ్యూల్: అపోహలు - వాస్తవాలు

కిడ్నీలో రాయి కోసం తీసిన పొట్ట సీటీలో ఊపిరితిత్తుల అడుగు భాగం కూడా కాస్త పడుతుంది. 54 ఏళ్ల ఒకాయనకు అలాగే కుడి ఊపిరితిత్తి కింది భాగంలో చిన్న నాడ్యూల్ కనిపించింది. రాయి సంగతి పక్కకు పోయింది. ఇరవై ఏళ్లుగా బీడీలు కాలుస్తున్న మనిషి కావడంతో ఇంట్లో అందరికీ ఒకటే భయం. రేడియాలజిస్టుగా ఇలాంటి కుటుంబాలతో తరచూ మాట్లాడుతుంటాను. అందరి నోటా దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి కాబట్టి, ఆయన కథ చెబుతూనే వాటి గురించి రాస్తున్నాను.

అపోహ: నాడ్యూల్ అంటే క్యాన్సరే.

ఊపిరితిత్తిలో 3 సెంటీమీటర్ల లోపు ఉండే గుండ్రటి మచ్చను నాడ్యూల్ అంటాం. ఆ పేరు ఆకారానికే తప్ప జబ్బుకు కాదు. ఎప్పుడో వచ్చి మానిపోయిన టీబీ వదిలిన మచ్చ కావచ్చు, ఊపిరితిత్తిలోని చిన్న లింఫ్ గ్రంథి కావచ్చు. మన దగ్గర టీబీ మచ్చలు చాలా ఎక్కువగా చూస్తాం. నాడ్యూల్ మొత్తం సున్నంలా గట్టిపడి ఉన్నా, సరిగ్గా మధ్యలో సున్నం చేరినా సాధారణంగా అది పాత మచ్చే, దాని వెంట పడాల్సిన పని లేదు. ఈయన నాడ్యూల్‌లో సున్నం లేదు. అంచులు నున్నగా ఉన్నాయి. సైజు చూస్తే ఒక వైపు 8 మి.మీ., అడ్డంగా 6 మి.మీ. రెండింటి సగటు 7. రిపోర్టులో వేయాల్సింది ఆ సగటే.

పరిమాణాన్ని బట్టి ఏం చేయాలన్న దానికి ఛాతీ ఇమేజింగ్ నిపుణుల సంఘమైన ఫ్లైష్‌నర్ సొసైటీ 2017లో ఇచ్చిన సూచనలను ఎక్కువ మంది పాటిస్తాం. గట్టి నాడ్యూల్, అంటే ఈయనదిలా వెనకాల రక్తనాళాలు కనిపించనంత దట్టంగా ఉండేది, ఒక్కటే ఉండి 6 మి.మీ. కంటే చిన్నదైతే, రిస్క్ తక్కువున్న మనిషికి మళ్లీ స్కాన్ అవసరం లేదు. పొగ తాగేవాళ్లలాంటి రిస్క్ ఎక్కువున్నవాళ్లకు కావాలనుకుంటే ఏడాది తర్వాత ఒక్కసారి చూడొచ్చు. 6 నుంచి 8 మి.మీ. మధ్య ఉంటే 6 నుంచి 12 నెలల్లో ఒక స్కాన్, ఆ తర్వాత 18 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి. 8 దాటితే మాత్రం ఆలోచన మారుతుంది. 3 నెలల్లో సీటీ, లేదా కణాలు చక్కెరను ఎంత వాడుకుంటున్నాయో చూపే పెట్ స్కాన్, లేదా ముక్క తీసి పరీక్షించే బయాప్సీ. ఇవన్నీ 35 ఏళ్లు దాటినవాళ్లకే. అంతకుముందు క్యాన్సర్ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్ల విషయం డాక్టర్ విడిగా చూడాలి.

ఈయనకు 6 నెలల తర్వాత, ఈసారి పూర్తి ఛాతీ సీటీ తీయాలని రాశాను.

అపోహ: 6 నెలలు ఆగితే ముదిరిపోతుంది, వచ్చే నెలే తీయించుకోవాలి.

ఆయన కూతురు ఫోన్ చేసి నిలదీసింది. "సార్, క్యాన్సర్ అయితే ఆరు నెలల్లో పాకిపోదా? మీ నాన్నగారికైతే ఆగుతారా?"

ఆగుతాను. దానికి కారణం ఒక లెక్కలో ఉంది. గట్టి నాడ్యూల్ రూపంలో ఉండే ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువ శాతం, తమ ఘనపరిమాణం రెట్టింపు కావడానికి దాదాపు 100 నుంచి 400 రోజులు తీసుకుంటాయి. 200 రోజులే అనుకుందాం. అలాంటి 7 మి.మీ. క్యాన్సర్ నెల రోజుల్లో 7.2కు వస్తుంది. ఆ తేడాను ఏ రేడియాలజిస్టూ నమ్మకంగా కొలవలేడు. అదే 6 నెలల్లో 8.6, ఏడాదికి 10.7 అవుతుంది. అంటే తొందరపడి తీసిన స్కాన్ "మార్పు లేదు" అనే చెబుతుంది, అది నిజంగా క్యాన్సర్ అయినా సరే. ఆ ధైర్యం ఉత్తుత్తిదే. మేం ఆగమంటున్నది తేడా కొలతకు అందేదాకా.

దగ్గు, జ్వరం ఉండి నాడ్యూల్ ఇన్‌ఫెక్షన్‌లా అనిపిస్తే కథ వేరు. అప్పుడు చికిత్స తర్వాత కొన్ని వారాలకే చూస్తాం.

అపోహ: రిపోర్టులో 7 కాస్తా 8 అయింది, అంటే పెరిగింది.

అమ్మాయి ఆగలేదు. నెల తిరగకుండానే వేరే సెంటర్‌లో నాన్నకు ఛాతీ సీటీ తీయించింది. రిపోర్టులో "8 మి.మీ., కొద్దిగా పెరిగినట్టుంది" అని వచ్చింది. ఇక ఇంట్లో నిద్ర లేదు. సీడీ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

సీడీ తెరవగానే సంగతి అర్థమైంది. అక్కడ సగటు వేయలేదు, పొడవైన కొలత మాత్రమే రాశారు. పైగా చూసింది 5 మి.మీ. మందం స్లైసుల్లో. 7 మి.మీ. నాడ్యూల్ అలాంటి స్లైసుల్లో ఒకటి రెండిట్లోనే పడుతుంది, అంచులు మసకబారతాయి. సీడీలోనే 1 మి.మీ. స్లైసులు కూడా ఉన్నాయి. వాటిలో పాత స్కాన్‌ను, కొత్త స్కాన్‌ను పక్కపక్కన పెట్టి కొలిస్తే మళ్లీ 8, 6. సగటు 7.

పెరిగిందని అనాలంటే సగటులో కనీసం 2 మి.మీ. తేడా రావాలి. ఒకే నాడ్యూల్‌ను ఒకే మనిషి రెండుసార్లు కొలిచినా, పేషెంట్ ఊపిరి కాస్త తక్కువ పీల్చినా 1 మి.మీ. అటూ ఇటూ అవుతుంది. అయితే 2 మి.మీ. అంటే చిన్న తేడా అనుకోకండి. ఘనపరిమాణం వ్యాసానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. 7 నుంచి 9కి వెళ్లిందంటే లోపలి పదార్థం రెట్టింపు దాటినట్టే. అది 6 నెలల్లో జరిగితే రెట్టింపయ్యే కాలం సుమారు 165 రోజులు, సరిగ్గా క్యాన్సర్ నడిచే వేగం. అప్పుడు నేనే ఆగనివ్వను. కానీ నెల లోపే రెట్టింపైతే ఎక్కువసార్లు అది ఇన్‌ఫెక్షనే. మరీ వేగం కూడా క్యాన్సర్ లక్షణం కాదన్నమాట.

అపోహ: పెట్ స్కాన్ తీస్తే ఒక్క దెబ్బకు తేలిపోతుంది.

8 మి.మీ. కంటే చిన్నవాటిలో క్యాన్సర్ ఉన్నా పెట్‌లో వెలగకపోవచ్చు. మరోవైపు చురుగ్గా ఉన్న టీబీ మచ్చ క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. ఈయన సైజుకు అది డబ్బు దండగ.

అపోహ: రెండేళ్లు మారకపోతే ఏ నాడ్యూల్‌నైనా మర్చిపోవచ్చు.

గట్టి నాడ్యూల్‌కు ఇది చాలావరకు నిజమే. పొగమంచులా పల్చగా, వెనకాల రక్తనాళాలు కనిపించేలా ఉండే నాడ్యూల్‌కు మాత్రం కాదు. దాన్ని గ్రౌండ్ గ్లాస్ అంటాం. అందులో క్యాన్సర్ ఉంటే చాలా నెమ్మదిగా, ఏళ్ల తరబడి పెరుగుతుంది. అందుకే 6 మి.మీ., ఆపైన ఉంటే 6 నుంచి 12 నెలల్లో ఒకసారి చూసి, అలాగే ఉంటే 5 ఏళ్లు అయ్యేదాకా రెండేళ్లకోసారి స్కాన్ చేస్తాం. ఆ పల్చటి మచ్చ మధ్యలో గట్టి భాగం కొత్తగా కనిపించినా, ఉన్నది పెద్దదైనా, మొత్తం సైజు మారకపోయినా సరే మాకు అనుమానం వస్తుంది. రిపోర్టులో నాడ్యూల్ ఏ రకమో రాయకుండా కేవలం సైజు ఇస్తే, ఎప్పుడు మళ్లీ రావాలో ఎవరూ చెప్పలేరు. అడిగి రాయించుకోండి.

అపోహ: ఇన్ని సీటీలు తీస్తే రేడియేషన్‌తోనే క్యాన్సర్ వస్తుంది.

ఫాలోఅప్‌కు లో డోస్ సీటీ చాలు. మామూలు ఛాతీ సీటీతో పోలిస్తే రేడియేషన్ చాలా తక్కువ. కాంట్రాస్ట్ మందు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. ప్రిస్క్రిప్షన్‌లో "లో డోస్, కాంట్రాస్ట్ లేకుండా, సన్న స్లైసులు" అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కొన్నిచోట్ల అలవాటుగా కాంట్రాస్ట్ ఎక్కించేస్తారు. పాత సీడీ తప్పకుండా తీసుకెళ్లండి. ఫిల్ములు మాత్రమే తెస్తే మాకు పక్కపక్కన పెట్టి కొలవడం కుదరదు.

ఆయన 6 నెలలకు వచ్చారు. 8, 6. చివరిది 24 నెలలకు. ఈసారి కూతురు పాత సీడీలు మూడూ వరస పెట్టి, తేదీలు రాసి తెచ్చింది. పక్కపక్కన తెరిచాం. 8, 6. "రెండేళ్లుగా మార్పు లేదు. ఈ నాడ్యూల్ కోసం ఇక స్కాన్ అవసరం లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఇన్నాళ్లూ పక్కకు పోయిన కిడ్నీ రాయి గురించి ఆయన అప్పుడు అడిగారు.