గాలి తెర వెనుక పని: బయోసేఫ్టీ క్యాబినెట్‌కు ఈ రూపం ఎలా వచ్చింది

క్షయ పరీక్షల ప్రయోగశాలలో కఫం ట్యూబు మూత తీసినప్పుడు రెండు ప్రమాదాలుంటాయి. అందులోని బ్యాక్టీరియా కంటికి కనిపించని తుంపరలుగా లేచి, పనిచేసేవారి ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. గది గాలిలోని సూక్ష్మజీవులో, పక్క ట్యూబులోని మరో రోగి బ్యాక్టీరియానో ఈ నమూనాలో పడి, జబ్బు లేని మనిషికి నెలల తరబడి మందులు వాడించే తప్పుడు ఫలితమూ రావచ్చు. ఈ రెంటినీ ఒకే పరికరం అడ్డుకోగలగడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

ఆ ప్రయాణం మొదలైంది క్షయతోనే. 1909లో అమెరికాలోని మల్ఫోర్డ్ ఔషధ సంస్థ, క్షయ బ్యాక్టీరియా నుంచి తీసే ట్యూబర్‌క్యులిన్ అనే పదార్థాన్ని తయారుచేసే సిబ్బందికి జబ్బు సోకకుండా గాలి ప్రసరణ ఉన్న ఒక పెట్టెను వాడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి చెందిన క్యాంప్ డెట్రిక్‌లో మరింత కట్టుదిట్టమైన పెట్టెలు వచ్చాయి. అయితే ప్రమాదం ఎక్కడుందో బయటపెట్టింది 1951లో పరిశోధకులు సల్కిన్, పైక్ ప్రచురించిన సర్వే. ప్రయోగశాలల్లో సోకిన జబ్బుల్లో సుమారు 16 శాతానికి మాత్రమే సూది గుచ్చుకోవడం, ట్యూబు పగలడం వంటి నమోదైన ప్రమాదం కారణంగా కనిపించింది. మిగతా వాటికి ఏ సంఘటనా దొరకకపోవడంతో, మామూలు పనిలోనే పుట్టే తుంపరల మీద అనుమానం బలపడింది.

గదిలోని గాలిని ముందు నుంచి లోపలికి లాగి, వడపోసి బయటికి పంపే తొలితరం క్యాబినెట్ మనిషిని కాపాడేది కానీ, ఆ మురికి గాలి నమూనా మీదుగానే పోయేది. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ రూపొందించిన లామినార్ ఫ్లో పద్ధతిలో, అతి సూక్ష్మమైన కణాలను కూడా పట్టేసే హెపా ఫిల్టరు గుండా వచ్చిన గాలి సుడులు తిరగకుండా ఒకే దిశలో సాగుతుంది. ఈ పద్ధతి మీద వచ్చిన క్లీన్ బెంచీల్లో గాలి అడ్డంగా వచ్చేవి నమూనాను శుభ్రంగా ఉంచేవి, కానీ ఆ గాలి సూటిగా మనిషి ముఖానికే తగిలేది. కఫాన్ని అలాంటి బెంచీ మీద తెరవడం కన్నా, దాన్ని ఆపేసి తెరవడమే కొంత నయం.

క్లాస్ 2 క్యాబినెట్ ఈ రెండు ప్రవాహాలనూ కలిపింది. పైనుంచి వడపోసిన గాలి నెమ్మదిగా కిందికి దిగి, పనిచేసే బల్ల దగ్గర రెండుగా చీలి, కొంత ముందు జాలీలోకి, కొంత వెనుక జాలీలోకి పోతుంది. గది గాలి కూడా ముందు జాలీలోకే పడిపోతుంది కాబట్టి నమూనా దాకా రాదు. ఏ2 రకంలో ఇలా చేరిన గాలిలో సుమారు 70 శాతం మళ్లీ ఫిల్టరు గుండా పైనుంచి దిగుతుంది, తక్కినది మరో ఫిల్టరు గుండా బయటికి పోతుంది. ఈ క్యాబినెట్లకు ఎన్‌ఎస్‌ఎఫ్ 49 అనే అమెరికా ప్రమాణం 1976లో వచ్చింది.

మనిషికీ నమూనాకూ మధ్య అద్దం కింద ఉన్న అడ్డు గాలి తెర ఒక్కటే. లోపలికి పోయే గాలి వేగం సెకనుకు సుమారు అర మీటరు. వెనుక నుంచి ఎవరైనా వడిగా నడిచినా, తలుపు తీసినా, సీలింగ్ ఫ్యాను తిరిగినా ఆ తెర చెదురుతుంది. ముందు జాలీ మీద నోటుపుస్తకమో మోచేయో పెడితే ఆ చోట తెర తెగినట్టే. పొగ వదిలే చిన్న ట్యూబుతో పరీక్షిస్తే ఇది కళ్లకు కడుతుంది: జాలీ ఖాళీగా ఉంటే పొగ గబుక్కున కిందికి పోతుంది, పుస్తకం పెట్టగానే దాని మీదుగా లోపలికో బయటికో పాకుతుంది. బున్సెన్ బర్నరు వేడి కూడా దిగే గాలిని చెదరగొడుతుంది.

అందుకే పని వరుసకు అంత పట్టింపు. క్యాబినెట్ ఆన్ చేసి కనీసం 5 నిమిషాలు ఆగాలి. కావలసినవన్నీ ముందే లోపల సర్దుకుంటే చేతులు మాటిమాటికీ తెరను దాటవు. శుభ్రమైనవి ఒక పక్క, నమూనా మధ్యలో, వ్యర్థాల డబ్బా రెండో పక్కన, అదీ లోపలే ఉండాలి. పని శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకే సాగాలి, వెనక్కి రాకూడదు. చేతులు నేరుగా, నెమ్మదిగా లోపలికి పెట్టి ఒక నిమిషం ఆగాక, జాలీకి కనీసం 10 సెంటీమీటర్లు లోపలగా పని మొదలుపెట్టాలి.

కఫం కల్చర్‌నే తీసుకుందాం. కఫాన్ని పలచబరిచి ఇతర సూక్ష్మజీవులను చంపే ఎన్‌ఏఎల్‌సి–సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని దానికి సమాన పరిమాణంలో కలిపి, 15 నిమిషాల తర్వాత బఫరు పోసి, సెంట్రిఫ్యూజులో తిప్పుతారు. తిప్పగానే మూత తీయకూడదు. తుంపరలు అడుగుకు దిగేదాకా ఆగి, క్యాబినెట్ లోపలే తెరవాలి. ఒకసారికి ఒక్క ట్యూబు మూతే తెరిచి ఉండాలి, బఫరు సీసా మూతి ట్యూబు అంచుకు తగలకూడదు. రోగుల నమూనాలన్నీ అయ్యాక కలుషితం జరిగిందేమో తెలిసేలా స్టెరైల్ నీటి ట్యూబును అవే దశల గుండా నడపాలి. పాజిటివ్ కంట్రోలుగా వాడే, హెచ్37ఆర్‌వి అనే ప్రామాణిక క్షయ బ్యాక్టీరియా సజీవ కల్చర్‌ను, రోగుల ట్యూబులన్నీ మూసేసిన తర్వాతే తెరవాలి.

వరుస తప్పిందేమోనన్న సందేహం సాధారణంగా వారాల తర్వాత గానీ రాదు. మైక్రోస్కోపులో బ్యాక్టీరియా కనిపించని, అంటే స్మియర్ నెగటివ్ అయిన నమూనాలో ఆలస్యంగా, అతి కొద్దిగా పెరుగుదల కనిపించి, అదే బ్యాచిలో దానికి ముందు చేసినది బలమైన పాజిటివ్ అయితే, ఆ ఫలితాన్ని వెంటనే నమ్మకుండా రోగి లక్షణాలతో పోల్చి, కొత్త నమూనా అడగాలి. నీటి ట్యూబులోనూ పెరుగుదల వస్తే ఆ బ్యాచి ఫలితాలను విడుదల చేయకుండా నిలిపేయాలి. కానీ నీటి ట్యూబు శుభ్రంగా ఉన్నంత మాత్రాన, మధ్యలో ఒక ట్యూబు నుంచి పక్కదానికి చుక్క పడలేదని నిర్ధారించలేం.