రెండా, మూడా? లబ్ధం ర్యాంకు తగాదా వెనుక 1884 నాటి ఒక వాక్యం

ఈ వారం మళ్లీ అదే గొడవ మొదలైంది. ఒక కోచింగ్ కేంద్రం పెట్టిన నమూనా పరీక్షలో ప్రశ్న ఇది: A, B రెండూ 5×5 మాత్రికలు. A ర్యాంకు 4, B ర్యాంకు 3. AB ర్యాంకు కనీసం ఎంత? కీలో 3 అని ఇచ్చారు. 2 అని రాసిన పిల్లలకు మార్కు పోయింది. వాళ్లు అడిగితే "లబ్ధం ర్యాంకు రెండింటిలో చిన్నదానికి సమానం కదా" అన్నారట. కొద్ది మార్పులతో ఈ ప్రశ్న ఏటా ఎక్కడో ఒకచోట పైకొస్తూనే ఉంది. దానితోపాటు ఈ జవాబు కూడా.

ర్యాంకు అంటే ఏమిటి, తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాన్ని కోటి అని ఎందుకు అంటారు అనేవి పాఠకులకు తెలిసినవే కాబట్టి నేరుగా లెక్కలోకి వెళ్దాం. A వికర్ణం మీద 1, 1, 1, 1, 0 ఉన్నాయనుకోండి. B వికర్ణం మీద 0, 0, 1, 1, 1. మిగతా చోట్ల అన్నీ సున్నాలే. A ర్యాంకు 4, B ర్యాంకు 3. గుణిస్తే వికర్ణం మీద 0, 0, 1, 1, 0 మిగులుతాయి. ర్యాంకు 2. కీ తప్పని తేల్చడానికి ఇంతకు మించి అక్కర్లేదు.

అయితే కీ తయారుచేసిన మాస్టారి వైపు కూడా ఒక సాక్ష్యం ఉంది. ఆయన కంప్యూటర్‌లో వేసి చూశారు.

```python
import numpy as np
rng = np.random.default_rng(1)
A = rng.normal(size=(5,4)) @ rng.normal(size=(4,5))
B = rng.normal(size=(5,3)) @ rng.normal(size=(3,5))
print(np.linalg.matrix_rank(A @ B))
```

జవాబు 3 వస్తుంది. విత్తనం సంఖ్య మార్చి వెయ్యిసార్లు నడిపినా 3 తప్ప మరొకటి కనిపించదు. అంతమంది నిజాయతీగా ఈ పొరపాటు చేయడానికి కారణం ఇదే. యాదృచ్ఛికంగా ఏరిన మాత్రికల్లో లబ్ధం ర్యాంకు నిజంగానే చిన్నదానికి సమానమవుతుంది. కానీ ప్రశ్నలో ఉన్న మాట "కనీసం". కనీసం ఎంతో తేలాలంటే మామూలుగా ఏమవుతుందో చూస్తే చాలదు, అన్నిటికన్నా చెడ్డగా కలిసే జతను వెతకాలి. ఆ వెతుకులాటకు దారి 1884లోనే పడింది.

జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ అప్పటికి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిపోయారు. మాత్రికకు ఇంగ్లిష్‌లో ఇప్పుడున్న పేరు పెట్టింది కూడా ఆయనే, 1850లో. 1884లో ఆయన ప్రకటించిన నియమం ర్యాంకు గురించి కాదు, శూన్యత గురించి. అంటే ఒక మాత్రిక ఎన్ని దిశలను సున్నా చేసేస్తుందనే లెక్క. n×n మాత్రికలో ర్యాంకు, శూన్యత కలిపితే n. ఆ నియమం సారాంశం ఇది: లబ్ధం శూన్యత ఏ కారణాంకం శూన్యత కన్నా తక్కువ కాదు, రెండు శూన్యతల మొత్తం కన్నా ఎక్కువా కాదు.

కింది హద్దు, పై హద్దు రెండూ ఒకే ఊపిరిలో వచ్చేశాయి. ఎందుకు నిజమో చూడటమూ కష్టం కాదు. ABx సున్నా అయిందంటే రెండే దారులు: B దగ్గరే x పోయింది, లేదా B దాటి వచ్చాక A దగ్గర పోయింది. మొదటి మెట్టు దగ్గర పోయేవి B శూన్యత అంత. రెండో మెట్టు దగ్గర కొత్తగా పోయేవి A శూన్యతను మించవు. మన ప్రశ్నలో A శూన్యత 1, B శూన్యత 2. కాబట్టి AB శూన్యత 2 కన్నా తగ్గదు, 3 కన్నా పెరగదు. అంటే ర్యాంకు 3 గానీ 2 గానీ. కనీసం 2.

నా ఉద్దేశంలో ఈ తగాదా మొత్తానికి మూలం ఆ తర్వాత జరిగిన భాషా మార్పే. ర్యాంకు అనే మాటను 1879 నాటి తన వ్యాసంలో జర్మన్ గణితజ్ఞుడు ఫ్రోబేనియస్ స్థిరపరిచారు. క్రమంగా పాఠ్యపుస్తకాలన్నీ ఆ మాటకే అలవాటు పడ్డాయి. సిల్వెస్టర్ వాక్యాన్ని ర్యాంకులోకి మార్చగానే అది రెండు ముక్కలైంది. మొదటి ముక్క, rank(AB) ≤ min(rank A, rank B), చిన్నగా, అందంగా ఉంది కాబట్టి అందరి నోటికీ వచ్చింది. రెండో ముక్క, rank(AB) ≥ rank A + rank B − n, ఒక అభ్యాస ప్రశ్నగా మిగిలిపోయింది. మొదటి ముక్కనే తరతరాలుగా వల్లె వేస్తుంటే అందులోని "మించదు" అన్న మాట మెల్లగా అరిగి "సమానం" అయింది. శూన్యత భాషలో చెప్పి ఉంటే ఆ అరుగుదలకు చోటుండేది కాదు. పోయేవాటిని కూడి చూసే అలవాటే వచ్చేది.

రెండో ముక్కలోని n కూడా చిక్కు పెడుతుంది. చతురస్ర మాత్రికలైతే n ఏదో సందేహం రాదు. A అనేది m×n, B అనేది n×p అయితే మధ్యలో కలిసే కొలతే n. ఒక విద్యార్థిని A 2×3, B 3×2, రెండింటి ర్యాంకూ 2 అని తీసుకుని, AB 2×2 కదా అని n స్థానంలో 2 వేసింది. 2 + 2 − 2 = 2, కాబట్టి AB ఎప్పుడూ విలోమం ఉన్న మాత్రికే అని తేల్చింది. A అడ్డు వరుసలు (1,0,0), (0,1,0) అనీ, B నిలువు వరుసలు (0,1,0), (0,0,1) అనీ తీసుకుంటే AB మొదటి నిలువు వరుస (0,1), రెండోది (0,0). ర్యాంకు 1. వేయాల్సిన n విలువ 3, హద్దు 2 + 2 − 3 = 1, అది సరిగ్గా అందుతోంది.

ఇక్కడ 1911కు రావాలి. ఆ ఏడాది బెర్లిన్‌లో ఫ్రోబేనియస్ మాత్రిక ర్యాంకు మీదే ఒక వ్యాసం ప్రచురించారు. సిల్వెస్టర్ ఎంత పోతుందో హద్దు చెప్పారు. ఆ పోవడం ఎక్కడ జరుగుతుందో ఫ్రోబేనియస్ అసమానత దగ్గర తేటపడుతుంది. మూలసూత్రం ఇది: AB ర్యాంకు అంటే B ర్యాంకులోంచి, B వ్యాప్తికీ A శూన్యాంతరాళానికీ ఉమ్మడిగా ఉన్న భాగం పరిమాణాన్ని తీసేయగా మిగిలింది. మన ఉదాహరణలో A సున్నా చేసేది అయిదో దిశను ఒక్కదాన్నే. B వ్యాప్తిలో మూడు, నాలుగు, అయిదు దిశలున్నాయి. అయిదోది ఉమ్మడి. 3 − 1 = 2. B వికర్ణాన్ని 1, 1, 1, 0, 0 గా మార్చండి. ర్యాంకు ఇప్పుడూ 3, కానీ అయిదో దిశ B వ్యాప్తిలో లేదు. ఉమ్మడి భాగం సున్నా, AB ర్యాంకు 3. రెండు ర్యాంకులూ మారలేదు, జవాబు మారింది. కంప్యూటర్ ఎప్పుడూ 3 అనడానికి కారణమూ ఇదే: అయిదు దిశల స్థలంలో యాదృచ్ఛికంగా గీసిన ఒక గీత, యాదృచ్ఛికంగా ఎంచిన మూడు దిశల ఉపస్థలంలో పడదు.

ఇప్పుడు మూడో మాత్రిక C ని తెండి. BC వ్యాప్తి B వ్యాప్తిలోపలే ఉంటుంది. కాబట్టి A వచ్చి BC లోంచి పోగొట్టేది, B లోంచి పోగొట్టేదానికన్నా ఎక్కువ కాదు. దాన్ని రాస్తే rank(BC) − rank(ABC) ≤ rank B − rank(AB). ఇదే ఫ్రోబేనియస్ అసమానత. B స్థానంలో తత్సమ మాత్రిక పెడితే సిల్వెస్టర్ నియమం తిరిగి వస్తుంది.

సిల్వెస్టర్ నియమం ఏమీ చెప్పలేని చోట కూడా ఇది చెబుతుంది. 4×4 లో A వికర్ణం 1, 1, 0, 0. B వికర్ణం 1, 1, 1, 0. C వికర్ణం 0, 1, 1, 0. AB ర్యాంకు 2, C ర్యాంకు 2. సిల్వెస్టర్ ప్రకారం ABC ర్యాంకు కనీసం 2 + 2 − 4, అంటే సున్నా. అది లెక్క వేయకముందే తెలుసు. ఫ్రోబేనియస్ ప్రకారం AB, BC ర్యాంకుల మొత్తం 4 లోంచి B ర్యాంకు 3 తీసేస్తే 1. కాబట్టి ABC సున్నా మాత్రిక కావడానికి వీల్లేదు. గుణించి చూస్తే వికర్ణం 0, 1, 0, 0, ర్యాంకు సరిగ్గా 1.

అదే కీలో రెండో తప్పు రెండు మాత్రికల కూడిక గురించి. A, B నిలువు వరుసల అంతరాళాలకు సున్నా సదిశ తప్ప ఉమ్మడి ఏదీ లేకపోతే, A + B ర్యాంకు రెండు ర్యాంకుల మొత్తమే అవుతుందా? కీ అవునంది. A వరుసలు (1,0), (0,0). B వరుసలు (0,0), (1,0). నిలువు వరుసలు చూస్తే A ది మొదటి దిశ, B ది రెండో దిశ, ఉమ్మడి ఏమీ లేదు. కూడితే వరుసలు (1,0), (1,0). ర్యాంకు 1, 2 కాదు. అడ్డు వరుసలు రెండింటిలోనూ ఒకే దిశలో ఉన్నాయి, దాన్ని ఎవరూ చూడలేదు.

ఇది పూర్తిగా తేలింది 1974లో, జార్జ్ మార్సాగ్లియా, జార్జ్ స్టైయన్ కలిసి రాసిన వ్యాసంలో. నిలువు వరుసల అంతరాళాల ఉమ్మడి పరిమాణం c, అడ్డు వరుసలది d అనుకుంటే, A + B ర్యాంకు rank A + rank B − c − d కన్నా తగ్గదు, rank A + rank B నుంచి c, d లలో పెద్దది తీసేసిన దానికన్నా పెరగదు. c, d రెండూ సున్నా అయినప్పుడే ర్యాంకులు పూర్తిగా కూడతాయి. పై ఉదాహరణలో c = 0, d = 1. రెండు హద్దులూ 1 దగ్గరే కలుస్తాయి.

సగం షరతు ఇన్నాళ్లు ఎలా నిలబడిందో అర్థం కావాలంటే సాంఖ్యకశాస్త్రం వైపు చూడాలి. మొత్తాల ర్యాంకులు అక్కడి వాళ్లకు నిత్యం పని. 1934లో కాక్రన్ నిరూపించిన సిద్ధాంతం సారం ఇది: తత్సమ మాత్రికను సౌష్ఠవ మాత్రికల మొత్తంగా విడగొడితే, వాటి ర్యాంకులు కూడి n అయినప్పుడే ప్రతి ముక్కా తన వర్గానికి తాను సమానమవుతుంది. n = 3 కు చూడండి. అన్ని స్థానాల్లోనూ 1/3 ఉన్న మాత్రిక సగటును తీస్తుంది, ర్యాంకు 1. తత్సమ మాత్రికలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది సగటు నుంచి విచలనాలను ఇస్తుంది, ర్యాంకు 2. 1 + 2 = 3. విస్తృతి లెక్కలో మూడుకు బదులు రెండుతో భాగించడం ఆ ర్యాంకు 2 వల్లే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు, సుజిత్ కుమార్ మిత్రతో కలిసి సాధారణీకృత విలోమాల మీద 1971లో తెచ్చిన పుస్తకం కూడా ఈ ర్యాంకు లెక్కలు అడుగడుగునా అవసరమయ్యే చోటే నడుస్తుంది.

సౌష్ఠవ మాత్రికల్లో అడ్డు వరుసల అంతరాళమూ నిలువు వరుసల అంతరాళమూ ఒకటే. c, d ఎప్పుడూ సమానం. ఒక్క వైపు చూసి "ర్యాంకులు కూడాయి" అంటే అక్కడ తప్పు రాదు. ఆ అలవాటే సౌష్ఠవం లేని మాత్రికల ప్రశ్నలోకి వచ్చి కూర్చుంది. యాదృచ్ఛిక మాత్రికలు మొదటి తప్పును కప్పినట్టే, సౌష్ఠవ మాత్రికలు రెండో తప్పును కప్పాయి.

పిల్లలు వేసిన అభ్యంతరంలో రెండు ప్రతి-ఉదాహరణలూ ఉన్నాయి. మొదటి ప్రశ్నకు జవాబు 2. రెండోదానికి "ప్రతిసారీ కాదు, అడ్డు వరుసలు కూడా విడిగా ఉంటేనే" అన్నది సరైన ఎంపిక. నమూనా పరీక్ష కాబట్టి ఈసారి నష్టం ఒక మార్కుతో పోయింది. 2 అని రాసి, కీ చూసి తన జవాబును కొట్టేసుకున్న విద్యార్థి నోటుపుస్తకంలో మాత్రం ఇంకా 3 అనే ఉంది.