పోస్టు పెట్టే ముందు బాబుకి చదివి వినిపించండి

నా బంగారాలకి,

మీ వీధి బాబు కోసం రాసిన పోస్టు చదివాను. తప్పులుంటే దిద్దమన్నారు. అక్షరదోషాలు రెండే ఉన్నాయి, వాటి సంగతి చివర చూద్దాం. దిద్దాల్సింది వేరే ఉంది. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను. ముప్పై ఏళ్ళు బ్లడ్‌బ్యాంకులో పనిచేసినదాన్ని, ఇలాంటి ప్రకటనలు చాలా చూశాను. కొన్ని నేనే రాశాను.

మీరు రాసింది ఇది: “దయగల మహానుభావులారా! తలసీమియా అనే భయంకరమైన మహమ్మారి బారిన పడి మృత్యువుతో పోరాడుతున్న ఈ అభాగ్య చిన్నారిని ఆదుకోండి. మామూలు పిల్లల్లా ఆడుకోవడానికి కూడా నోచుకోని ఈ పసివాడు ఇతరుల రక్తం మీద బతుకుతున్నాడు. అర్జెంట్! రక్తదాతలు వెంటనే రావాలి!”

వాడి మీద మీకున్న ప్రేమ ప్రతి మాటలోనూ తెలుస్తోంది. మరి ఇదే వాక్యాన్ని ఆ తొమ్మిదేళ్ళ బాబు చదివితే? వాడు చదువుతాడు. వాళ్ళ క్లాసు పిల్లల ఇళ్ళలో ఫోన్లున్నాయి.

నా ఉద్యోగం కొత్తలో ఒక పాప కోసం గోడకి అట్ట మీద రాసి అంటించాను, “మృత్యువుతో పోరాడుతున్న చిన్నారికి రక్తం కావాలి” అని. మూడు వారాల తర్వాత ఆ పాప రక్తం ఎక్కించుకోవడానికి వచ్చి, ఆ అట్ట ముందు నిలబడి కూడబలుక్కుని చదివింది. చదివి నా దగ్గరికొచ్చి, “ఆంటీ, నేను చచ్చిపోతానా? నాకెవరూ చెప్పలేదే” అని అడిగింది. చేతికి సూది గుచ్చేటప్పుడు కూడా ఎప్పుడూ ఏడవని పిల్ల అది. అట్ట తీసేశాను గానీ, ఆ ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఎందుకంటే అట్ట మీదున్నది నిజం కాదు. ఆ పాప ఆ పూట చావుతో పోరాడటం లేదు. మూడు వారాలకోసారి వేయించుకునే రక్తం వేయించుకోవడానికి వచ్చింది, అంతే.

ఇప్పుడు మీ మాటల్లోకి వద్దాం. “మహమ్మారి” అంటే ఊళ్ళ మీద పడి ఒకరినుంచి ఒకరికి పాకే జబ్బు. కలరా మహమ్మారి, కరోనా మహమ్మారి. తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు, అంటుకోదు. అమ్మానాన్నల్లో ఇద్దరికీ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి తలసీమియా మేజర్, అంటే ఇలా రక్తం ఎక్కించాల్సిన తీవ్రమైన రకం, వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అంటే బాబు దేని బారినా పడలేదు, ఆ జన్యువులతోనే పుట్టాడు. “మహమ్మారి” అనే ఈ ఒక్క మాట వల్ల ఏమవుతుందో తెలుసా? పక్కింటివాళ్ళు పిల్లల్ని వాడితో ఆడుకోనివ్వరు. “రక్తం జబ్బట, దూరంగా ఉండు” అనడం నేను చెవులారా విన్నాను. అందుకే పోస్టులో “ఇది అంటువ్యాధి కాదు” అనే చిన్న వాక్యం తప్పకుండా ఉండాలి.

దీంతోపాటే ఇంకో జాగ్రత్త. వాళ్ళది మేనరికమని మీకు తెలుసు. అది పోస్టులో రాయకండి. మేనరికంలో ఇద్దరికీ ఒకే జన్యువు ఉండే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. కానీ ఏ చుట్టరికమూ లేని దంపతులకీ ఇలాంటి బిడ్డలు పుడతారు. రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళకి ఆ సంగతి దేనికీ పనికిరాదు. ఆ తల్లి మాత్రం “నీవల్లే” అనే మాట ఇంటా బయటా పడాలి. ఇప్పటికే పడుతోంది కూడా.

“పోరాడుతున్న” అనే మాట మీకు గొప్పగా అనిపించి ఉంటుంది. పేపర్లో కూడా అలాగే రాస్తారు. కానీ పోరాటం అన్నాక గెలుపోటములు ఉంటాయి. రేపు వాడికి హిమోగ్లోబిన్ తగ్గితే ఓడిపోయినట్టా? వాడు చేసేదల్లా వేళకి రక్తం వేయించుకోవడం, రోజూ మాత్ర వేసుకోవడం. ఆ మాత్ర ఎందుకంటే, ఎక్కించిన ప్రతి యూనిట్‌తోపాటు 200 మిల్లీగ్రాములకి పైగా ఐరన్ ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. కాబట్టి రక్తం ఎంత ముఖ్యమో, ఐరన్ తీసే మందూ అంతే ముఖ్యం. మీరు సాయం అడగాల్సిన ఈ రెండో సంగతి పోస్టులో లేనే లేదు. అభాగ్యుడు, నోచుకోని, భయంకరమైన అని రాసేసరికి చోటంతా వాటికే సరిపోయింది.

పైగా “ఆడుకోవడానికి నోచుకోని” అన్నది అబద్ధం. పోయిన సంక్రాంతికి మీ ఇంటి ముందు వాడు మీతో క్రికెట్ ఆడాడు, నేను అరుగు మీద కూర్చుని చూశాను. రక్తం వేళకి పడితే బడికి వెళ్తాడు, ఆడతాడు. గడువు దగ్గరపడే రోజుల్లో మొహం పాలిపోతుంది, త్వరగా అలిసిపోతాడు. ఈ ముక్క ఇలాగే రాయండి, చదివేవాళ్ళకి అవసరం ఎక్కడుందో తెలుస్తుంది. “మామూలు పిల్లలు” అన్నది కూడా తీసేయండి. ఆ మాటతో వాడు మామూలోడు కాదని తేల్చినట్టయింది.

మన తెలుగులో ఒక మంచి వీలుంది, గమనించారా? “నాకు షుగర్ ఉంది”, “వాడికి జ్వరం వచ్చింది” అంటాం. మనిషి మనిషిగానే ఉంటాడు, జబ్బు అతనికి ఉన్న ఒక సంగతి మాత్రమే. అదే వాడుకోండి. “తలసీమియా ఉన్న బాబు” చాలు. తలసీమియా రోగి, వ్యాధిగ్రస్తుడు, బాధితుడు, ఇవేవీ అక్కర్లేదు. “బాధపడుతున్న” కూడా అలవాటుగా వచ్చేసే మాటే. వాడికి ఎప్పుడు బాధగా ఉందో వాడు చెప్పాలి, మనం కాదు. ఇదేదో నా ఒక్కదాని పట్టింపు అనుకోకండి. 2024 జూలైలో సినిమాల్లో వికలాంగుల్ని చూపించే తీరు మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, బాధితులు, పీడితులు లాంటి మాటలకి దూరంగా ఉండమని చెప్పింది.

కోర్టు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో తలసీమియా కూడా ఉంది. సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసుకోవడానికి “వైకల్యం” అన్న మాట బాబుకి కావాలి. రక్తం అడిగే పోస్టులో అవసరం లేదు, వాళ్ళ అమ్మానాన్నలు పెట్టమంటే తప్ప. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా, విభిన్న ప్రతిభావంతులు అనాలా అని అడిగారు కదా. ప్రభుత్వ కాగితాల్లో చివరి రెండూ కనిపిస్తాయి. హక్కుల కోసం పనిచేసే చాలామంది తమని వికలాంగులు అనే పిలుచుకుంటారు, “దివ్య” అంటే మోసే బరువేమీ తగ్గదని వాళ్ళ వాదన. నాకూ ఆ వాదనే సబబుగా తోస్తుంది. కానీ ఎవరి గురించి రాస్తున్నారో వాళ్ళనే అడిగి, వాళ్ళు ఏదంటే అది రాయండి. మీ లైబ్రరీ మాస్టారు చక్రాల కుర్చీ వాడతారు. ర్యాంపు కావాలని మీరు రాసిన కాగితంలో ఆయన్ని “కుర్చీకే పరిమితమైన వికలాంగుడు” అన్నారు. ఆ కుర్చీ ఉండబట్టే ఆయన ఊరంతా తిరుగుతున్నారు. అందరినీ గారు అని, ఆయన్ని మాత్రం “వికలాంగుడు” అని ఏకవచనంలో రాశారు. అది సరిచేయండి, మాస్టారు గారు అని.

ఇక “అర్జెంట్” దగ్గర కాస్త ఆగుదాం. ఈ మాట వల్ల జరిగే నష్టం పెద్దవాళ్ళకి కూడా తెలీదు. మీ పోస్టు చూసి ఆదివారం నలభై మంది వచ్చారనుకోండి. ఎర్రకణాలు మహా అయితే 42 రోజులు నిల్వ ఉంటాయి. బాబుకి వీలైనంత తాజా రక్తం ఇస్తారు కూడా. మూడో వారం వచ్చేసరికి ఆ నలభై మందీ ఇవ్వడానికి వీల్లేనివాళ్ళే, మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలి కాబట్టి. అప్పుడు మళ్ళీ అర్జెంట్ అంటారు. నాలుగోసారి ఎవరూ నమ్మరు.

బాబుకి మూడు వారాలకి ఒక యూనిట్ అంటే ఏడాదికి 17 లేదా 18. ఒక మగమనిషి ఏడాదికి నాలుగుసార్లు, ఆడమనిషి మూడుసార్లు ఇవ్వగలరు. జలుబులు, జ్వరాలు, ఊరెళ్ళడాలు కలుపుకున్నా వాడి గ్రూపు ఉన్న ఎనిమిది మంది వంతులవారీగా వస్తే సరిపోతుంది. నలభై మంది కాదు, ఎనిమిది మంది. అడగాల్సింది ఇదీ. ఇలా లెక్క చెప్పి అడిగితే వచ్చేవాళ్ళకి కూడా తమ వంతు ఎప్పుడో తెలుస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను:

“మా వీధిలో ఉండే తొమ్మిదేళ్ళ బాబుకి తలసీమియా ఉంది. ఇది పుట్టుకతో వచ్చేది, అంటువ్యాధి కాదు. మూడు వారాలకోసారి ఒక యూనిట్ రక్తం పడితే బడికి వెళ్తాడు, క్రికెట్ ఆడతాడు. ఆలస్యమైతే నీరసపడతాడు. బి పాజిటివ్ ఉన్న ఎనిమిది మంది వంతులవారీగా, మూడు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వగలరా? మీ వంతు తేదీ ముందే చెప్తాం. రోజూ వేసుకునే ఐరన్ తగ్గించే మందుకి కూడా సాయం కావాలి. డబ్బు పంపదలిస్తే మందుల షాపు బిల్లు చూసి, నేరుగా షాపుకే కట్టవచ్చు.”

పేరు, ఇంటి నంబరు, బడి పేరు పెట్టకండి. చేతికి సూది ఉన్న ఫొటో తీసేయండి. ఫొటో కావాలనుకుంటే బ్యాటు పట్టుకున్నది ఉంది కదా, మొహం కనపడకుండా వెనక నుంచి తీసింది. వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగాక, బాబునీ విడిగా అడగండి. తొమ్మిదేళ్ళవాడికి అర్థమవుతుంది. వద్దంటే ఫొటో లేకుండానే పెట్టండి. ఎనిమిది మంది దొరికాక పోస్టు తీసేయండి, వాడు ఇంటర్‌కి వచ్చాక ఎవరో దాన్ని వెతికి పట్టుకుని చూపించకుండా.

అక్షరదోషాలు చెప్తానన్నాను. పైన మీ పోస్టు చూపించేటప్పుడు వాటిని నేనే దిద్దేశాను. మీరు “తలసేమియా” అని రాశారు, అది “తలసీమియా”. “రక్తధాత” కాదు, “రక్తదాత”.

శనివారం సాయంత్రం బాబు ఇంటికి వెళ్ళి ఈ కొత్త పోస్టు వాడికి చదివి వినిపించండి. ఏదైనా మార్చమంటే నాకు ఫోన్ చేసి చెప్పండి. క్రికెట్ అని రాశాం గానీ, వాడికి ఈమధ్య కబడ్డీ ఎక్కువ ఇష్టమని మీ అమ్మ అంటోంది.

మీ అమ్మమ్మ