కాలువ పక్కన ఆరు ఊర్లు: జ్వరాలు ఒకచోటే గుమిగూడాయని ఎలా తేలుస్తారు?

జ్వరాల సీజన్‌లో మా కడప దగ్గర ఒక ఏఎన్ఎం అక్క మండలం మ్యాపు మీద ఎర్ర పెన్నుతో డెంగీ కేసుల చుక్కలు పెట్టి, "చూడన్నా, అన్నీ కాలువ ఎగువనే ఉన్నాయి" అంది. చూస్తే నిజమే అనిపించింది. కానీ గుప్పెడు శనగలు నేల మీద చల్లినా ఎక్కడో ఒకచోట గుంపుగానే పడతాయి కదా, మరి ఆ గుంపుకూ ఈ గుంపుకూ తేడా ఎట్లా తెలుస్తుంది?

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో చావులను మ్యాపు మీద గుర్తిస్తే అవి బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూనే చేరాయి. అక్కడ గుంపు ఎంత దట్టంగా ఉందంటే దాన్ని చూడటానికి లెక్క అక్కర్లేదు. ఇబ్బంది అంతా ఆ అక్క మ్యాపులాంటి మధ్యరకం మ్యాపులతోనే. వాటికి కొలబద్ద దొరకడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఆస్ట్రేలియా గణాంక శాస్త్రవేత్త మోరాన్ 1948లో, 1950లో రాసిన పేపర్ల నుంచే ఇప్పుడు అందరూ వాడే మోరాన్స్ ఐ అనే కొలత వచ్చింది. ఆ మధ్యలోనే, 1949లో, మన దేశం వాడైన పి.వి. కృష్ణ అయ్యర్ ఇలాంటి లెక్క మీదే పేపరు రాశారు, ఆ పేరు మనవాళ్లు కూడా పెద్దగా తలుచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ కొలత కొలిచేదాని పేరు స్పేషియల్ ఆటోకోరిలేషన్ అని పెద్దగా ఉంది గానీ లోపల ఉన్నది ఒకే ప్రశ్న: పక్కపక్క ఊర్లు ఒకదానికొకటి పోలి ఉన్నాయా? కె.సి. కాలువ వెంబడి వరసగా ఆరు ఊర్లు ఉన్నాయనుకుందాం. వెయ్యి మందికి కేసులు వరసగా 9, 8, 7, 2, 1, 3 (ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు). సగటు 5. ఒక్కో ఊరు సగటుకు ఎంత దూరంలో ఉందో చూస్తే 4, 3, 2, −3, −4, −2. ఇప్పుడు పక్కపక్క ఊర్ల అంకెలను గుణించాలి: 12, 6, −6, 12, 8. రెండూ సగటుకు ఒకే వైపు ఉంటే ప్లస్, చెరో వైపు ఉంటే మైనస్. మొత్తం 32, ఐదు జతలకు సగటు 6.4. ఆరు దూరాల వర్గాలు కలిపితే 58, వాటి సగటు 9.67. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.66, అదే మోరాన్స్ ఐ. గుంపు ఏమీ లేనప్పుడు ఇది సున్నా దగ్గర ఉంటుందనుకుంటాం గానీ, ఆరు ఊర్లకు దాని సగటు విలువ −0.2 (మైనస్ ఒకటిని, ఊర్ల సంఖ్యలో ఒకటి తగ్గించి దానితో భాగించాలి).

0.66 పెద్దదేనా? మొదట్లో దీనికి గంట ఆకారపు నార్మల్ వక్రరేఖను నమ్ముకునేవాళ్లు, ఆరు ఊర్లకు అది నిలవదు. 1930లలో ఫిషర్, పిట్‌మన్ పెంచిన పర్మ్యుటేషన్ ఆలోచనను నేథన్ మాంటెల్ 1967లో రోగాల గుంపుల మీదికి తెచ్చాడు, 1973లో క్లిఫ్, ఆర్డ్ పుస్తకంతో ఇది భూగోళశాస్త్రం వాళ్ల చేతికీ బాగా అందింది. చేసేది చీటీల ఆటే. ఆరు అంకెలను ఆరు చీటీల మీద రాసి, స్టీలు గిన్నెలో వేసి కలిపి, ఊర్లకు కొత్తగా పంచి, ఐ మళ్లీ లెక్కపెట్టాలి. ఆరు చీటీలను 720 రకాలుగా పంచొచ్చు. నేను అన్నీ చూశాను, మొత్తం 32 గానీ అంతకు మించి గానీ వచ్చేవి 16 మాత్రమే. అంటే 0.022, ఊరికే కలిపి పంచితే ఇంత పెద్ద ఐ వందలో రెండుసార్లే వస్తుంది. ఊర్లు ఇరవై అయితే అన్ని రకాలూ వేయలేం కాబట్టి కంప్యూటర్‌తో 999 సార్లు కలిపి, అసలు మ్యాపును కూడా ఒకటిగా చేర్చి వెయ్యితో భాగిస్తారు. అందుకే అక్కడ 0.001 కంటే చిన్న జవాబు ఎప్పటికీ రాదు.

అయితే చీటీలు కలిపేటప్పుడు మనకు తెలియకుండానే ఒక మాట ఒప్పేసుకుంటున్నాం: ఏ అంకె ఏ ఊరికైనా సమానంగా పడొచ్చని. ఆరువేల మంది ఉన్న ఊరూ, రెండువందల మంది ఉన్న తండా ఒకటేనా? తండాలో ఒక్క కేసు వస్తే వెయ్యికి 5, రెండొస్తే 10, ఒక్క మనిషి జ్వరంతో అంకె రెట్టింపైపోతుంది. పెద్ద ఊళ్లో అట్లా ఊగదు. అలాంటి తండాలు పక్కపక్కనే ఉంటే వాటి ఊగుడే గుంపులా కనిపించి మోసం చేస్తుంది. రేటు బదులు కేసుల సంఖ్యే పెడితే ఇంకా దారుణం, అప్పుడు రోగం కాదు, జనం ఎక్కడున్నారో అదే కనిపిస్తుంది. దీన్ని సరిచేయడానికి 1995లో ఓడెన్, 1999లో అసున్సావ్, రీస్ జనాభాను లెక్కలోకి తెచ్చే పద్ధతులు ఇచ్చారు. మనమే చేసుకోగలిగే ఇంకో దారి కూడా ఉంది: మొత్తం కేసులను జనాభా దామాషాలో ఊర్లకు యాదృచ్ఛికంగా పంచి, రేట్లు కట్టి, ఐ చూడటం. నా ఉద్దేశంలో మన మండలాలకు ఇదే సరైన కలపడం, చీటీ ఊరిది కాకుండా మనిషిది అవుతుంది.

ఆ అక్క మ్యాపుకు తిరిగొస్తే, నేను ముందు అడిగింది చుక్కల గురించి కాదు, ఒక్కో ఊళ్లో ఎంతమంది రక్తపరీక్ష చేయించుకున్నారని. ఎగువ ఊర్లకు ల్యాబ్ దగ్గరట, దిగువ వాళ్లు బస్సెక్కాలి. పరీక్షలే గుమిగూడితే కేసులూ గుమిగూడతాయి, ఆ తేడాను ఏ చీటీలూ పట్టలేవు. ఆ వారం ఆమె మ్యాపు పక్కన పెట్టి, పరీక్షల రిజిస్టరు ఊరి వారీగా రాయడం మొదలుపెట్టింది.